ఏ వేంపల్లె? రచయితకు ప్రశ్నలు రాసే పద్ధతి

వేంపల్లె అంటే మనకు ఒక ఊరు. గండి దగ్గర కొండల నడుమ నుంచి బయటికొచ్చే పాపాఘ్ని, గండి ఆంజనేయస్వామి గుడి, పులివెందుల పోయే బస్సులు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ పిల్లలు, ఇదంతా కలిపి వేంపల్లె. భూగర్భ శాస్త్రవేత్తకు మాత్రం వేంపల్లె అంటే ముందు గుర్తొచ్చేది రాతిపొర. భారత భూగర్భ సర్వేలో పనిచేసిన విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద గ్రంథం అచ్చువేశాడు. అడుగున ఉన్న క్వార్ట్‌జైట్ పొరకు గువ్వలచెరువు పేరు, దాని మీద ఉన్న సున్నపు జాతి రాళ్ల పొరకు వేంపల్లె పేరు అందులోకి ఎక్కాయి. గువ్వలచెరువు ఇంగ్లీషులో గుల్చేరు అయింది. సుమారు 190 నుంచి 200 కోట్ల ఏళ్ల నాటి ఈ డోలమైట్ పొరను శాస్త్రవేత్తలు వేంపల్లె ఫార్మేషన్ అంటారు. మాటల్లోనూ, చాలాసార్లు వ్యాసాల్లోనూ ఆ రెండో మాట వదిలేసి ఉత్తగా వేంపల్లె అనేస్తారు.

ఆ పొర ఊరితో ఆగిపోయేది కాదు. అందులో యురేనియం దొరికే పట్టీ ఒక్కటే రెడ్డిపల్లె నుంచి మద్దిమడుగు దాకా దాదాపు 160 కిలోమీటర్లు సాగుతుంది. తుమ్మలపల్లె గని ఉన్నది ఈ పట్టీలోనే. ఇప్పుడు ఒక శాస్త్ర వ్యాసం తెలుగు చేయడానికి మీ చేతికి వచ్చిందనుకోండి. అందులో "ద వేంపల్లె" నుంచి తీసిన భూగర్భ జలంలో యురేనియం ఎక్కువని ఇంగ్లీషులో ఉంది. మీరు "వేంపల్లె భూగర్భ జలంలో యురేనియం ఎక్కువ" అని రాస్తారు. వ్యాకరణంలో తప్పేమీ లేదు. కానీ వేంపల్లె బస్టాండు దగ్గర పత్రిక తిరగేసే మనిషికి అది తన ఇంటి బోరు గురించిన వార్త. రచయిత చెప్పింది నలభై కిలోమీటర్ల అవతలి రాతి గురించి కావచ్చు. లేదా నిజంగా ఈ ఊరి బోర్ల గురించే కావచ్చు. అచ్చుకు పోయేముందు ఇది రచయితను అడిగి తేల్చుకోవలసిన విషయం. ఎలా అడగాలన్నదే ఈ అధ్యాయం.

ఉదాహరణకు నాలుగు వాక్యాలు తీసుకుందాం. ఇవి ఏ ఒక్క వ్యాసం నుంచీ ఎత్తినవి కావు. ఇలాంటి వ్యాసాల్లో తరచుగా కనిపించే తీరులో, ఈ పాఠం కోసం నేను కూర్చినవి. వ్యాసం యురేనియం గని చుట్టుపక్కల బోరు నీళ్ల గురించి అనుకుందాం. మొదటిది పైన చెప్పిన "ద వేంపల్లె" వాక్యం. రెండోది, "ఆల్ వెల్స్ డిడ్ నాట్ ఎక్సీడ్ ద లిమిట్." మూడోది, గని వ్యర్థాలు నిలవచేసే టెయిలింగ్స్ పాండ్ దగ్గరి బోర్లలో "యురేనియం వాజ్ నాట్ హై బికాజ్ ఆఫ్ సీపేజ్." నాలుగోది, ఈ యురేనియం రాతిలోంచే "మే హావ్ కమ్" అనే వాక్యం.

అనువాదకుణ్ణి ఆపే వాక్యాలను చూసి చాలామంది భయపడతారు. ఆపే వాక్యం వల్ల ప్రమాదం తక్కువ. ఇంగ్లీషులో "వి" అని ఉంటే మేమా, మనమా అని తెలుగు మిమ్మల్ని నిలదీస్తుంది. ఏదో ఒకటి ఎంచుకోనిదే కలం కదలదు కాబట్టి అక్కడ ఆలోచిస్తారు. అసలు ప్రమాదం తెలుగులోకి నున్నగా జారిపోయే వాక్యంలో ఉంది. రెండో వాక్యాన్ని "అన్ని బావుల్లోనూ యురేనియం పరిమితి దాటలేదు" అని రాయండి. హాయిగా ఉంది. కానీ ఏ బావిలోనూ దాటలేదనా? కొన్నింట్లో దాటింది, కొన్నింట్లో దాటలేదనా? ఇంగ్లీషులో ఉన్న సందిగ్ధం చెక్కుచెదరకుండా తెలుగులోకి వచ్చేసింది. మన దేశంలో రాసే ఇంగ్లీషులో ఈ నిర్మాణాన్ని రెండు అర్థాల్లోనూ వాడతారు గనుక ఇంగ్లీషు వ్యాకరణం తిరగేసినా తీర్పు దొరకదు.

మూడో వాక్యమూ అంతే. "ఊట వల్ల యురేనియం ఎక్కువ కాలేదు." ఒక పాఠకుడు దీన్ని యురేనియం ఎక్కువగా లేదని చదువుతాడు. ఇంకొకరు ఎక్కువే ఉంది గాని కారణం ఊట కాదని చదువుతారు. టెయిలింగ్స్ పాండ్ చుట్టుపక్కల పల్లెల్లో బోరు నీళ్ల గురించి ఏళ్లుగా ఆందోళన ఉంది. అక్కడి రైతుకు ఈ రెండు అర్థాల మధ్య తేడా తన అరటితోట మీద, ఇంట్లో తాగే నీళ్ల మీద పడే తేడా.

అందుకే చిత్తుప్రతి పూర్తయ్యాక ఒక పని తప్పకుండా చేయండి. ఎన్ని, ఎంత, ఎక్కడ, ఎందువల్ల అని చెప్పే ప్రతి వాక్యం దగ్గరా ఆగి, దాన్ని ఇంకో అర్థం రాకుండా తెలుగులో మళ్లీ రాయడానికి ప్రయత్నించండి. "ఏ ఒక్క బావిలోనూ పరిమితి దాటలేదు" అని ఒకసారి, "పరిమితి దాటినవి అన్ని బావులూ కావు, కొన్నే" అని ఒకసారి. రెండూ రాయగలిగి, రెండింటికీ మూల వాక్యం ఒప్పుకుంటే అది ప్రశ్నల జాబితాలోకి పోవాలి. ఇంకో పని కూడా చెబుతాను, దీన్ని నేను మొదటిదానికంటే ఎక్కువ నమ్ముతాను. శాస్త్రం చదవని ఆ ప్రాంతపు మనిషి ఒకరికి మీ తెలుగు చదివి వినిపించండి. "బాగుందా" అని అడగొద్దు. "ఏ బావుల నీళ్లు తాగొద్దని దీనర్థం?" అని అడగండి. వాళ్లు చెప్పిన జవాబూ మీరు అనుకున్నదీ వేరైతే వాక్యం తేలలేదని లెక్క.

జాబితా తయారైంది కదా అని వెంటనే రచయితకు పంపకండి. సగం ప్రశ్నలకు జవాబు వ్యాసంలోనే ఉంటుంది. వ్యాసం చదవకుండా అడిగారని రచయితకు మొదటి ప్రశ్నతోనే అనిపిస్తే మిగతావాటికి శ్రద్ధగా జవాబు రాదు. మొదటి వాక్యానికి పద్ధతుల భాగం, పటం, పట్టికలు చూడాలి. నమూనాలు తీసిన చోట్ల అక్షాంశ రేఖాంశాలు ఉంటే పని తేలిక. వేంపల్లె ఊరు 78.4, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశాల నడుమ ఉంది. తుమ్మలపల్లె దానికి పడమట ఉంది. పట్టికలో బోర్లన్నీ 78.3కు పడమటే ఉంటే రచయిత ఊరి గురించి మాట్లాడటం లేదు. అదే వాక్యంలో పోలిక గుల్చేరుతో పెట్టి ఉంటే అదీ ఒక ఆధారమే. గుల్చేరు క్వార్ట్‌జైట్ పొర పేరు పక్కన వేంపల్లె వచ్చిందంటే అదీ పొర పేరే అయ్యే అవకాశం ఎక్కువ. కానీ "ఎక్కువ" అన్నది చాలదు. కొందరు రచయితలు ఒక పేరాలో పొరగా, ఇంకో పేరాలో మండలంగా అదే పేరు వాడతారు. పేరు కనిపించిన ప్రతిచోటా పక్కన గుర్తు పెట్టుకుని, ఏ చోట తేలిందో, ఏ చోట తేలలేదో విడదీయండి. ప్రశ్న తేలని చోట్లకే.

రెండో వాక్యానికి పట్టిక చాలావరకు జవాబు చెబుతుంది. అయితే ఇక్కడ ఇంకో ముడి ఉంది. పరిమితి అంటే ఎవరి పరిమితి? తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి 2004లో చెప్పిన పరిమితి 60. పట్టికలో ఒక బోరుకు 45 అని ఉందనుకోండి. అది ఒక లెక్కన దాటింది, ఇంకో లెక్కన దాటలేదు. అంటే ఈ చిన్న వాక్యంలో రెండు సందిగ్ధాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పరిమితి 60 అయితే ఏ బావీ దాటలేదన్న అర్థం పట్టికకు సరిపోతుంది. 30 అయితే కొన్ని దాటాయన్న అర్థం సరిపోతుంది. ఇలాంటప్పుడు రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. ఒకే ప్రశ్నలో కలిపితే రచయిత సగానికే జవాబిస్తారు, మీకు మిగతా సగం ఊహించాలనిపిస్తుంది.

నాలుగో వాక్యాన్ని అడగకండి. "మే హావ్ కమ్" అన్నది సందిగ్ధం కాదు, జాగ్రత్త. తనకు రుజువు ఎంతవరకు ఉందో రచయిత కొలిచి వేసిన మాట అది. "రాతి నుంచి వచ్చి ఉండవచ్చు" అని రాస్తే సరిపోతుంది. "రాతి నుంచే వచ్చిందా?" అని మీరు అడిగితే, మాటవరసకు "అవును, అంతే" అని జవాబు రావచ్చు. దాన్ని పట్టుకుని "రాతి నుంచి వచ్చింది" అని రాస్తే మూలంలో లేని ధీమా తెలుగులో చేరుతుంది. ఇంగ్లీషులో ఉద్దేశపూర్వకంగా తెరిచి ఉంచిన వాక్యం తెలుగులోనూ తెరిచే ఉండాలి.

పారిభాషిక పదాలనూ ఈ ఉత్తరంలోకి తేకండి. టెయిలింగ్స్‌కు తెలుగేమిటి, ఫార్మేషన్‌ను ఏమనాలి అన్నవి మీరు, మీ సంపాదకుడు తేల్చుకోవలసినవి. తెలుగు అకాడమి పదకోశాలు చూడండి, ఆ ప్రాంతపు పత్రికలు ఏం రాస్తున్నాయో చూడండి. రచయితకు తెలిసింది రాయి, నీరు, కొలత. ఆయన నుంచి రావలసిందీ అదే.

ఇక మిగిలినవి వేంపల్లె, బావులు, పరిమితి, ఊట. ఉత్తరం ఎవరికి రాయాలన్నది ముందు చూసుకోండి. వ్యాసం మీద పేర్లు ఎన్ని ఉన్నా, ఉత్తర ప్రత్యుత్తరాలకు ఒకరి పేరు గుర్తు పెట్టి ఉంటుంది. వారికే రాయండి. అయితే బోర్ల దగ్గరికి వెళ్లి నీళ్లు పట్టుకొచ్చింది బహుశా పరిశోధక విద్యార్థి. "అవసరమైతే నమూనాలు సేకరించిన వారికి ఇది పంపగలరు" అని ఒక వాక్యం చేరిస్తే ఎక్కడ, ఏ బోరు అన్న ప్రశ్నలకు కచ్చితమైన జవాబు వస్తుంది. రచయితకు తెలుగు రాకపోతే ఉత్తరం ఇంగ్లీషులోనే రాయాలి, కానీ పద్ధతి ఇదే. తెలుగు తెలిసిన ఆచార్యులైతే ఇలా రాయవచ్చు:

"ఆచార్యులవారికి నమస్కారం. బోరు నీళ్లలో యురేనియంపై మీ వ్యాసాన్ని తెలుగులోకి అనువదిస్తున్నాను. నాలుగు చోట్ల మీ ఉద్దేశం నిర్ధారించుకోవాలి. ప్రతి ప్రశ్న కింద రెండు అర్థాలు ఇచ్చాను. క లేదా గ అని రాస్తే చాలు. రెండూ కాకపోతే ఒక వాక్యంలో చెప్పండి.

ఒకటి. మూడో పేజీ, రెండో పేరా, 'ద వేంపల్లె' నుంచి తీసిన నీళ్లు. (క) వేంపల్లె ఫార్మేషన్ రాళ్లలో తవ్విన బోర్ల నీళ్లు, అవి ఏ ఊళ్లో ఉన్నా. (గ) వేంపల్లె ఊరు లేదా మండలంలోని బోర్ల నీళ్లు. అదే వాక్యంలో గుల్చేరుతో పోల్చారు కనుక క అనుకుంటున్నాను. గ అయితే వేంపల్లె పాఠకులు దీన్ని తమ ఊరి ఫలితంగా తీసుకుంటారు, అది సరైనదే అవుతుంది. క అయితే అలా తీసుకోకుండా రాయాలి.

రెండు. ఐదో పేజీ, మొదటి పేరా, 'ద లిమిట్'. (క) లీటరుకు 30 మైక్రోగ్రాములు. (గ) లీటరుకు 60 మైక్రోగ్రాములు. వ్యాసంలో ఈ అంకె నాకు కనిపించలేదు.

మూడు. అదే వాక్యం. (క) ఏ ఒక్క బావిలోనూ యురేనియం ఆ పరిమితి దాటలేదు. (గ) కొన్ని బావుల్లో దాటింది, కొన్నింట్లో దాటలేదు. రెండో పట్టికలో ఒక బావికి 45 ఉంది. అందుకే పై ప్రశ్న విడిగా అడిగాను.

నాలుగు. ఆరో పేజీ, చివరి పేరా, ఊట గురించిన వాక్యం. (క) టెయిలింగ్స్ పాండ్ దగ్గరి బోర్లలో యురేనియం ఎక్కువగా లేదు. (గ) ఎక్కువగా ఉంది, కానీ అందుకు కారణం ఊట కాదు.

ఈ నెల 20లోగా జవాబు వస్తే అచ్చుకు అందుతుంది. అప్పటికి వీలుకాకపోతే మొదటి ప్రశ్నకు క అని తీసుకుంటాను. మిగతా మూడు వాక్యాలు తెలుగులో ఎలా ఇవ్వాలో సంపాదకులతో మాట్లాడి మీకు పంపుతాను."

ఈ ఉత్తరంలో కొన్ని విషయాలు చూడండి. "దీనర్థం ఏమిటి సార్?" అని ఎక్కడా లేదు. అలా అడిగితే రచయిత తన వాక్యాన్నే కాస్త అటూ ఇటూ మార్చి తిరిగి రాస్తారు. తాను ఏమనుకుని రాశారో ఆయన మనసులో ఉంది గనుక ఆయనకు తన వాక్యంలో రెండో అర్థం కనిపించదు. రెండూ రాసి చూపిస్తేనే కనిపిస్తుంది. "క అర్థమేనా?" అని కూడా లేదు. దానికి "అవును" అనడం మర్యాద. క లేదా గ అని ఎంచుకోమంటే ఆలోచించక తప్పదు. మూడో ప్రశ్నలో పట్టికలోని 45ను ప్రస్తావించడం మరీ ముఖ్యం. వాక్యానికీ పట్టికకూ పొంతన కుదరకపోతే ఆ సంగతి ఆయన కళ్లముందు పెట్టాలి. తప్పు పట్టినట్టుగా కాకుండా, అంకె ఎక్కడుందో చెబితే చాలు.

మీరు ఏ అర్థం అనుకుంటున్నారో చెప్పాలా వద్దా అన్నదానిపై అనువాదకుల్లో రెండు మాటలున్నాయి. ఆధారం వ్యాసంలోనే ఉన్నప్పుడు చెప్పడం మంచిదని నా అభిప్రాయం. మొదటి ప్రశ్నలో చెప్పాను. ఊట ప్రశ్నలో చెప్పలేదు. అక్కడ ఆధారం లేదు. పైగా ఆ ప్రశ్నలో నా ఊహ ఏ వైపు మొగ్గినా గని వైపో, పల్లె వైపో మాట్లాడినట్టవుతుంది. అనువాదకుడు ఆ పని చేయకూడదు.

జవాబు వచ్చిందనుకోండి: ఒకటి క, రెండు గ, మూడు క, నాలుగు గ. ఇప్పుడు వాక్యాలు తేలిపోతాయి. "వేంపల్లె ఫార్మేషన్ అనే డోలమైట్ రాతిపొరలో తవ్విన బోర్ల నీళ్లలో యురేనియం ఎక్కువగా కనిపించింది. ఈ పొరకు ఊరి పేరే ఉన్నా ఇది ఊరికే పరిమితం కాదు." రెండో వాక్యం మీరు చేర్చింది. పాఠకుడు పొరబడకుండా ఒక్క వాక్యం కలపడానికి రచయితకు చెప్పి ఒప్పించుకోవచ్చు. "పరీక్షించిన ఏ ఒక్క బావిలోనూ యురేనియం లీటరుకు 60 మైక్రోగ్రాములు దాటలేదు." ఇక్కడ పరిమితి అన్న మాటతో వదిలేయకుండా అంకె రాయాలి. అంకె ఉంటే, 30 అన్న మార్గదర్శక విలువ తెలిసిన పాఠకుడు 45ను తానే చూసుకోగలడు. "పాండ్ దగ్గరి బోర్లలో యురేనియం ఎక్కువగానే ఉంది. అయితే అందుకు కారణం పాండ్ నుంచి వచ్చే ఊట కాదని రచయితలు అంటున్నారు." ఆ "రచయితలు అంటున్నారు" అన్నది వదలకండి. అది వాళ్ల నిర్ధారణ, అనువాదకుడిది కాదు.

జవాబు అన్నిసార్లూ ఇంత తేటగా రాదు. మూడు రకాలు ఎక్కువగా తగులుతాయి. ఒకటి, "రెండూ ఒకటే కదా" అన్న జవాబు. అప్పుడు భాష గురించి వాదించకండి. "టెయిలింగ్స్ పాండ్ పక్క పల్లెలో ఉండే ఒకరు దీన్ని చదివి తమ బోరులో యురేనియం ఎక్కువని అనుకోవాలా, వద్దా?" అని అడగండి. జవాబు వెంటనే వస్తుంది. రెండోది, రచయిత ఉత్సాహంగా కొత్త సంగతులు పంపడం. వ్యాసం అచ్చయ్యాక మళ్లీ వెళ్లి తీసిన నమూనాలు, ఇప్పుడు మారిన అభిప్రాయం వస్తాయి. అవి వ్యాసంలో లేవు. అనువాదంలో కలిపితే తెలుగు చదివినవారు ఒకటి, ఇంగ్లీషు చదివినవారు ఇంకొకటి తెలుసుకుంటారు. రచయిత అనుమతితో, తేదీ వేసి, అడుగున వివరణగా పెట్టవచ్చు, అంతే. మూడోది, ప్రశ్న వల్ల మూలంలోనే తప్పు బయటపడటం. పట్టికలో 45 కాదు, 4.5 అని రచయిత చెప్పవచ్చు. అప్పుడు అనువాదంలో మౌనంగా దిద్దకండి. దిద్దిన అంకె వాడి, "మూల వ్యాసంలో 45 అని ఉంది, రచయిత సూచనతో సవరించాం" అని కింద రాయండి. మూల పత్రికకు సవరణ పంపడం రచయిత పని. ఆ సంగతి ఆయనకు గుర్తుచేయడం మీ పని.

అసలు జవాబే రాకపోతే? గడువుకు ముందు ఒకసారి గుర్తుచేయండి. అయినా రాకపోతే ప్రతి వాక్యానికీ విడిగా నిర్ణయం తీసుకోవాలి. పరిమితి ప్రశ్న తేలకపోతే పట్టికలోని అంకెలే వాక్యంలోకి తెచ్చి, "రచయితలు పేర్కొన్న పరిమితి" అని రాసి, అంకె మూలంలో లేదని అడుగున చెప్పండి. ఊట వాక్యం తేలకపోతే మాత్రం ఏ ఒక్క అర్థమూ ఎంచుకోవద్దు. "ఈ వాక్యాన్ని రెండు విధాలుగా చదవవచ్చు" అని చెప్పి రెండు అర్థాలూ అడుగు వివరణలో ఇవ్వండి. సంపాదకులకు అది నచ్చకపోవచ్చు, పేజీ అందం చెడిందని అంటారు. అయినా ఇవ్వండి. ఆ నీళ్లు తాగేవాళ్లు చదువుతున్నారు.

రచయిత జవాబులను ప్రశ్నలతో పాటు, తేదీతో ఒక కాగితం మీద దించుకుని అనువాద ప్రతితో కలిపి దాచండి. ఫోనులో చెబితే విని, రాసి, "మీరు చెప్పింది ఇదే కదా" అని తిరిగి పంపి ఒప్పించుకోండి. రెండేళ్ల తర్వాత ఆ వ్యాసం పుస్తకంలో చేరేటప్పుడు, ఇంకో సంపాదకుడు "వేంపల్లె ఫార్మేషన్" లోంచి రెండో మాట బరువుగా ఉందని కొట్టేస్తాడు. అప్పుడు చూపించడానికి ఆ కాగితం ఉండాలి.